గేటు దగ్గర రిజిస్టరుతో మొదలైన రీల్

ఏప్రిల్ సగం దాటిందంటే ఫోన్ తెరిచినప్పుడల్లా అదే రీల్. ఆడేది వేరువేరు ఊళ్ళ పిల్లలైనా రీల్ మాత్రం ఒకటే. పిల్లలు పరిగెడుతుంటారు, వెనకాల సినిమా పాట మోగుతుంటుంది, అక్షరాలు గిర్రున తిరిగొచ్చి ‘సమ్మర్ క్యాంప్’ అని నిలబడతాయి. డ్యాన్స్, కరాటే, అబాకస్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ వరసగా మెరిసి మాయమవుతాయి. ఆఖర్న ఒక ఫోన్ నంబరు, ‘త్వరపడండి, కొన్ని సీట్లే మిగిలాయి’ అన్న మాట. చూసిన పిల్లలకు సరదాగానే ఉంటుంది. డబ్బు కట్టేది, పొద్దున్నే బండి మీద దింపేది, పదకొండింటికి ఆఫీసులో కూర్చుని ‘పాప ఇల్లు చేరిందా’ అని గడియారం చూసుకునేది మాత్రం అమ్మానాన్నలు. వాళ్ళతో ఆ రీల్ ఒక్క మాటా మాట్లాడదు.

విజయవాడలో నాకు తెలిసిన డ్రాయింగ్ టీచరు ఒకావిడ ఏటా తన ఇంటి కింది వాటాలో వేసవి క్యాంపు పెడుతుంది. అలాంటి రీలే ఒకసారి చేయించింది. చూసినవాళ్ళు బాగానే ఉన్నారు, ఫోన్లు కూడా వచ్చాయి, చేరినవాళ్ళు మాత్రం తొమ్మిదిమంది. మరుసటి ఏడు నా దగ్గరకొచ్చి, “ఈసారి స్క్రిప్టు మీరు రాయండి” అంది.

“ఫోన్ చేసినవాళ్ళు ఏం అడిగారు?” అన్నాను.

“ఏముందండీ, అందరూ అవే మూడు. పాపని తీసుకెళ్ళడానికి ఎవరు వచ్చినా పంపేస్తారా, ఎన్నింటికి వదులుతారు, అన్నీ కలిపి ఎంత.”

స్క్రిప్టు దాదాపు అక్కడే తయారైపోయింది. కరాటే ఉందా లేదా అని ఎవరూ అడగలేదు చూశారా. పిల్లవాడికి ఏం నేర్పుతారన్నది నాలుగో ప్రశ్న. మొదటి మూడింటికీ జవాబు దొరికాకే అమ్మానాన్నలు దాని దగ్గరకొస్తారు. అందుకని అవి వచ్చిన వరుసలోనే రీల్‌లో జవాబులు చెబుదామనుకున్నాం. చెప్పినంత తేలిగ్గా జరగలేదు. రాయడానికి కూర్చుంటే, చెప్పాల్సిన జవాబులు కొన్ని ఆవిడ దగ్గరే లేవు.

భద్రత సంగతే చూడండి. ఆవిడ రాసుకొచ్చిన కాగితంలో ‘100 శాతం సురక్షితమైన వాతావరణం, సీసీ కెమెరాల పర్యవేక్షణ’ అని ఉంది. మొదటి ముక్క ప్రతి క్యాంపూ అనేదే. ఎవరూ కాదనలేరు, ఎవరూ నమ్మరు. రెండోది పైకి ఘనంగా కనిపిస్తుంది గానీ, ఆ కెమెరా ముందు కూర్చుని చూసేవాళ్ళు ఎవరని అడిగితే ఆవిడ నవ్వేసింది. ఎవరూ లేరు. ఏదైనా జరిగాక వెనక్కి తిప్పి చూసుకోవడానికి పనికొస్తుందే తప్ప, జరగకుండా ఆపేది కెమెరా కాదు. ఆపేది గేటు దగ్గర నిలబడ్డ మనిషి. కాబట్టి రీల్ అక్కడ మొదలవ్వాలి. ‘ఈ పుస్తకంలో పేరు లేనివాళ్ళతో మీ పాపని పంపం.’ ఇది మొదటి వాక్యమని రాశాను.

“అలాంటి పుస్తకం మా దగ్గర లేదే” అంది ఆవిడ.

లేకపోతే పెట్టాలి, లేదా ఆ వాక్యం కొట్టేయాలి. పుస్తకమే పెట్టింది. ఒక్కో పిల్లకి ఒక్కో పేజీ. చేర్చేటప్పుడే తల్లిదండ్రులు ముగ్గురి పేర్లు, ఫోన్ నంబర్లు రాసివ్వాలి. నాన్న, తాతయ్య, పక్కింటి ఆంటీ, ఎవరైనా సరే. ఏ రోజుకారోజు ఎవరు తీసుకెళ్ళారో సంతకం, టైము. మరి నాలుగోవాళ్ళు వస్తే? ‘వాళ్ళ అమ్మే పంపింది, కావాలంటే మాట్లాడండి’ అని వచ్చినవాళ్ళు తమ ఫోన్ చేతికిస్తే మాట్లాడకూడదు. అవతల గొంతు ఎవరిదో మనకేం తెలుసు? ఫారంలో ఉన్న నంబరుకి టీచరే ఫోన్ చేసి కనుక్కోవాలి, పేరు పుస్తకంలోకి ఎక్కించాలి, అప్పుడు పంపాలి. ఈ చిన్న తేడాలోనే ఉంది భద్రతంతా.

తర్వాత లెక్క. పిల్లలు 32 మంది, ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా. పెద్దవాళ్ళు నలుగురు. ‘ప్రతి ఎనిమిదిమందికీ ఒక టీచరు’ అని రాసుకున్నాం. అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ డే క్యాంపులకు పెట్టుకున్న కొలత కూడా ఇంచుమించు ఇదే. ఆరు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఎనిమిదిమందికి ఒకరు, తొమ్మిదేళ్ళు దాటినవాళ్ళకు పదిమందికి ఒకరు. బాగానే ఉందనుకున్నాం. కానీ రోజు మొత్తాన్ని గంటగంటకీ వేసి చూస్తే ఎనిమిదిన్నర దగ్గర లెక్క తప్పింది. ఆ నలుగురిలో ఒకరు టిఫిను ప్లేట్లు సర్దడానికి వంటింట్లోకి వెళతారు. అప్పుడు పిల్లల దగ్గర మిగిలేది ముగ్గురు, అంటే ఒక్కొక్కరికి దాదాపు పదకొండుమంది. పైగా పిల్లలు లేచి తిరిగేది, చేతులు కడుక్కోవడానికి తోసుకునేది సరిగ్గా అప్పుడే. టిఫిను కోసం, బాత్రూము తలుపు బయట కూర్చోవడం కోసం ఒక ఆయమ్మను పెట్టాకే ఆ వాక్యం స్క్రిప్టులో ఉండనిచ్చాం.

ఇల్లంతా ఒకసారి తిరిగాం. వాకిట్లో నీళ్ళ సంపు, దాని మీద ఒక పిల్లవాడు లేపగలిగేంత రేకు మూత. డాబా మీదికి వెళ్ళే తలుపుకి గడియ ఉంది గానీ తాళం లేదు. సంపు మీదికి ఇనప మూత, దానికి తాళం వచ్చాయి. ఆ తాళాన్ని రీల్‌లో రెండు సెకన్లు చూపించాం, మాట లేకుండా. ‘100 శాతం సురక్షితం’ అని ఐదు సార్లు చెప్పినా రాని నమ్మకం ఆ రెండు సెకన్లతో వస్తుంది. పిల్లలున్న ఇల్లు చూడగానే సంపు ఎక్కడుందో ముందు వెతికే తల్లులు మనకు కొత్త కాదు కదా. ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, గోడ మీద 108, 1098 నంబర్లు ఎటూ ఉండాలి. వాటి గురించి గొప్పలు చెప్పుకోనక్కర్లేదు, వెనకాల గోడ మీద కనిపిస్తే చాలు. 1098 పిల్లల సాయానికి ఉన్న నంబరు. ఒక పిల్ల ఎవరి గురించైనా భయంగా చెప్పిందంటే, అది లైంగిక వేధింపు కావచ్చనిపిస్తే, క్యాంపువాళ్ళు లోలోపల సర్దుకోవడానికి లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. ఈ ముక్క రీల్‌లో పట్టదు. నలుగురు టీచర్లకూ ఆయమ్మకూ మొదటి రోజే చెప్పి ఉంచాల్సిన ముక్క.

ఇక టైము. మన ఒంటిపూట బడుల లెక్కే ఇక్కడా. విజయవాడ మే నెలలో ఎనిమిదిన్నరకే వాకిలి కాలిపోతుంది. అందుకని ఆటలు ఏడూముప్పావుకి మొదలై ఎనిమిదిన్నరకి అయిపోవాలి. తర్వాత టిఫిను, నీళ్ళు. అప్పటినుంచి లోపలే బొమ్మలు, మట్టి పని. పదింటికి మజ్జిగ. ఆ తర్వాత కథలు, అష్టాచెమ్మా, పులీమేకా. పది యాభైకి చెప్పులు వేసుకోవడం, పదకొండుకి గేటు. దీన్నంతా రీల్‌లో చదివితే రైల్వే అనౌన్స్‌మెంటులా ఉంటుంది. చదవొద్దు. పలకల మీద రాసి గోడకు తగిలించి చూపిస్తే చాలు. కావాల్సినవాళ్ళు ఆపి చదువుకుంటారు. నోటితో చెప్పాల్సినవి మూడే మూడు: ఎప్పుడు రావాలి, ఎండలో ఉంచుతారా, ఎప్పుడు వదులుతారు.

వదిలే టైము దగ్గర ఆవిడ నసిగింది. “ఇద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్ళు పదకొండు అనగానే వెళ్ళిపోతారండీ. రాయకుండా ఉంచుదాం, ఫోన్ చేసినప్పుడు చెప్దాం.”

నేను ఒప్పుకోలేదు. పదకొండుకి తీసుకెళ్ళలేనివాళ్ళు ఫోన్‌లో విన్నా వెళ్ళిపోతారు, ఈలోపు పది నిమిషాలు ఇద్దరివీ పోతాయి. తెలియక చేర్చినవాళ్ళతో ఇంకా కష్టం. పన్నెండున్నర దాకా గేటు దగ్గర ఒక పిల్ల, ఆ పిల్ల కోసం ఆగిపోయిన ఒక టీచరు. ‘అంతకు మించి ఉంచుకునే వీలు మాకు లేదు’ అన్న వాక్యం ప్రకటనలో వింతగానే ఉంటుంది. కానీ ఏం చేయలేరో ముందే చెప్పినవాళ్ళ మాట, చేస్తామన్న దాని విషయంలో కూడా నిలబడుతుందనిపిస్తుంది నాకు.

ఫీజు దగ్గర అసలు గొడవ. చాలా రీల్స్‌లో ‘వివరాలకు మెసేజ్ చేయండి’ అని వదిలేస్తారు. మెసేజ్ చేస్తే ఫోన్ నంబరు అడుగుతారు, ఫోన్ చేస్తే ‘ఒకసారి వచ్చి మాట్లాడండి’ అంటారు. ఈ తతంగంతోనే సగం మంది జారుకుంటారు. మా టీచరు అంత చేయలేదు గానీ, పోయినేడాది పోస్టరు మీద ‘2,999 మాత్రమే’ అని వేసింది. దాని వెనకాల ఏముందో కాగితం మీద పెట్టమన్నాను. రిజిస్ట్రేషన్ 300. రంగులు, బంకమట్టి, కాగితాల కిట్టు 500. టీషర్టు 250. టిఫినుకు రోజుకి 30. మొత్తం కూడితే 4,619. పోస్టరు చూసి వచ్చినవాళ్ళకు 1,620 ఎక్కువ. కట్టేవాళ్ళు కట్టారు, మనసులో మాత్రం ఒక ముల్లు ఉండిపోయింది. ఇది మర్యాద సంగతి మాత్రమే కాదు. ఇలా ముందు తక్కువ ధర చూపించి పోనుపోను ఒక్కొక్కటీ తగిలించడాన్ని, లేని తొందర పుట్టించడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో తెచ్చిన మార్గదర్శకాలు తప్పుల జాబితాలో చేర్చాయి. ‘కొన్ని సీట్లే మిగిలాయి’ అని మొదటి రోజే వేయడం ఆ రెండో రకం. 32 సీట్లకు 27 నిండాక ‘ఐదు ఉన్నాయి’ అంటే అది సమాచారం, నిండకముందు అంటే అబద్ధం.

అన్నీ కలిపి 4,600 అని ఒకే అంకె పెట్టాం. 19 రూపాయలు ఆవిడే వదిలేసుకుంది. నిజానికి రోజుల లెక్కలో కూడా ఒక చిక్కు ఉంది. ఏప్రిల్ 27 సోమవారం నుంచి మే 22 శుక్రవారం దాకా నాలుగు వారాలు, వారానికి ఐదు రోజులు, అంటే 20 రోజులని రాసుకున్నాం. మే ఒకటి శుక్రవారం పడింది, ఆ రోజు సెలవు. కాబట్టి 19. ఎవరు చూస్తారులే అనుకోవడానికి లేదు, ఇంట్లో క్యాలెండరు ముందు నిలబడి లెక్కపెట్టే నాన్న ఒకాయన ఎప్పుడూ ఉంటాడు. ఆయన లెక్కలో రోజుకి 242 రూపాయలు, గంటకి 70కి ఒక రూపాయి తక్కువ. ఆ లెక్క ఆయన్నే వేసుకోనిద్దాం, మనం మొత్తం చెబితే చాలు. టాక్సు అదనమని ఎవరో సలహా ఇచ్చారట. 32 మంది కట్టినా వచ్చేది 1,47,200. ఏడాది పొడుగునా ఆవిడ చెప్పే క్లాసుల డబ్బు కలిపినా సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసే 20 లక్షల హద్దు దరిదాపుల్లో లేదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు ఆ పేరుతో ఒక్క రూపాయి వసూలు చేయకూడదు.

డబ్బు వెనక్కి ఇచ్చే సంగతి ఆఖర్న చిన్న అక్షరాల్లో వేద్దామంది. అక్కడ ఇంకో నిబంధన ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, షరతు కూడా అసలు మాట ఏ భాషలో ఉందో ఆ భాషలోనే, అదే అక్షరాల్లో ఉండాలి. నోటితో చెప్పిన మాటకు షరతు ఉంటే, ఆ మాట వినిపిస్తున్నప్పుడే అది తెర మీద కనిపించాలి. తెలుగులో ‘4,600’ అని చెప్పి, చివర్లో చీమ తలకాయంత ఇంగ్లీషులో షరతులు పెట్టడం కుదరదన్నమాట. దాచాల్సిన షరతు కాదు కూడా. మొదటి మూడు రోజుల్లో మానేస్తే కిట్టు, టీషర్టుల 750 పోను 3,850 వెనక్కి. అది గట్టిగా చెప్పుకోవాల్సిన మాట.

చివరకు నిలిచిన స్క్రిప్టు ఇది. తీరిగ్గా చదివితే నిమిషానికి నూరూ నూట పది మాటలే పడతాయని గడియారం పెట్టి చూసుకుని రాశాం.

0–4 సెకన్లు. గేటు. తెరిచిన పుస్తకం, సంతకం పెడుతున్న ఒక బామ్మగారి చేయి.
“ఈ పుస్తకంలో పేరు లేనివాళ్ళతో మీ పాపని పంపం.”

4–20. లోపలి గది, వెనకనుంచి పిల్లలు. సంపు మూత మీద తాళం.
“ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలు, ముప్ఫై రెండు మందే. ప్రతి ఎనిమిదిమందికీ ఒక టీచరు. తీసుకెళ్ళే ముగ్గురి పేర్లు మీరే ముందు రాసివ్వాలి. వేరేవాళ్ళు వస్తే మేమే మీకు ఫోన్ చేసి, మీరు సరేనంటే పేరు రాసుకుని పంపుతాం.”

20–36. గోడ గడియారం, పలకల మీద టైములు. మట్టి పిసుకుతున్న చేతులు.
“ఉదయం ఏడున్నరకి రావాలి. ఎండ ముదరకముందే ఆటలు. ఎనిమిదిన్నరకి టిఫిను. ఆ తర్వాత అంతా లోపలే. పదకొండింటికి ఇంటికి. అంతకు మించి ఉంచుకునే వీలు మాకు లేదు.”

36–53. బల్ల మీద కిట్టు, టీషర్టు, ఇడ్లీ ప్లేటు, పక్కన పలక మీద 4,600.
“ఏప్రిల్ 27 నుంచి మే 22 దాకా, సెలవు పోను పంతొమ్మిది రోజులు. అన్నీ కలిపి నాలుగు వేల ఆరు వందలు. పైన ఇంకేమీ లేదు. మొదటి మూడు రోజుల్లో మానేస్తే మూడు వేల ఎనిమిది వందల యాభై వెనక్కి.”

53–60. తెరిచి ఉన్న గేటు, టీచరు.
“చేర్చేముందు ఒకసారి వచ్చి చూసుకోండి. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఇక్కడే ఉంటాం.”

వెనకనుంచి పిల్లలు అని ఎందుకు రాశానో చెప్పాలి. పోయినేడాది రీల్‌లో పిల్లల మొహాలన్నీ దగ్గరగా ఉన్నాయి, ఒక బాబు మెడలో బడి ఐడీ కార్డు కూడా చదవగలిగేలా ఉంది. ఆ బాబు పేరు, బడి, పొద్దున్నే ఏ వీధిలో ఉంటాడో ఊరందరికీ తెలిసిపోయింది. భద్రత గురించి చెప్పే రీలే ఆ పని చేస్తే ఎలా? పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023 నాటి డిజిటల్ డేటా రక్షణ చట్టం కూడా అంటోంది. అడ్మిషన్ ఫారంలో ఆఖరి లైనుగా కలిపేయకుండా వేరే కాగితం మీద అడగాలి. ‘వద్దు’ అన్నవాళ్ళ పిల్లలనీ చేర్చుకుంటామని అందులోనే ఉండాలి. మాకు చేతులు, పాదాలు, వీపులు సరిపోయాయి. మట్టి అంటిన చిన్న చేతుల్ని మించిన షాటు డ్రాయింగ్ క్యాంపుకి ఇంకేం కావాలి?

సినిమా పాట కూడా తీసేశాం. ఇన్‌స్టాగ్రామ్‌లో వ్యాపార ఖాతాలకు ఆ పాటలు చాలావరకు దొరకవు. దొరికిందని వేసుకున్నా హక్కుదారులు అడ్డుపడితే గొంతు తీసేస్తారు, అప్పుడు మన మాటలన్నీ గాలికి పోతాయి. పిల్లల గోల, చీపురు చప్పుడు, గేటు కిర్రుమన్న శబ్దం ఉంచాం. ఆఫీసులోనో బస్సులోనో శబ్దం లేకుండా చూసేవాళ్ళ కోసం ప్రతి మాటా తెర మీద తెలుగులో వేశాం. తెర కింది భాగం, కుడి అంచు ఖాళీగా వదిలాం. అక్కడ లైకు గుర్తులు, ఖాతా పేరు వచ్చి కూర్చుంటాయి. మొదటిసారి ఆ సంగతి మరిచిపోయి, 4,600లో చివరి సున్నా గుండె గుర్తు కింద దాక్కుంది. చూసినవాళ్ళకు 460 అనిపించింది. పెట్టిన గంటకే ఒకాయన ఫోన్ చేసి, “నలుగురు పిల్లల్ని చేరుస్తాను” అన్నాడట.

తీసి, సరిచేసి మళ్ళీ పెట్టాం. ఈసారి వచ్చిన ఫోన్లలో ఎక్కువమంది ‘ఐదింటికి వస్తే గేటు ఎటువైపు’ అని అడిగారు. ఒకావిడ మాత్రం మేం రాయని ప్రశ్న వేసింది. “మా బాబుకి పల్లీలు పడవండీ. టిఫినులో చట్నీ ఏం వేస్తారు?” టీచరు ఫోన్ పెట్టేసి పుస్తకం తెరిచింది. ముగ్గురి పేర్ల కింద ఇంకో గీత గీసి ‘పడనివి’ అని రాసింది. ఆ వేసవికి చట్నీ కొబ్బరిదే అయింది.

ఏప్రిల్ 27 పొద్దున ఏడూ ఇరవైకి వెళ్ళాను. గేటు దగ్గర ఒక తాతగారు మనవరాలి చేయి వదలకుండానే కళ్ళజోడు తీసి పెట్టుకుని, పేజీలో వేలు జరుపుకుంటూ తన పేరు ఉందో లేదో చూసుకుంటున్నారు. మూడో వరసలో ఉంది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. టీచరు చేతిలోంచి పెన్ను తీసుకుని దిద్దాకే పాపని లోపలికి పంపారు.